టమాటాలు ఎర్రగా ఉంటాయి

మాట్లాడకూడదు, దగ్గకూడదు, తల కూడా ఊపకూడదు అని స్పీచ్ థెరపిస్ట్ ముందే చెప్పింది, అందుకని గోడవారన వేసిన కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, పదిన్నర అయింది, గంటసేపు పడుతుందట. అన్నయ్య నాకు పక్కగా కనిపిస్తున్నాడు, కుడి చెంప, కుడి చెవి, ఇవాళ తనంతట తాను గీసుకున్న గడ్డం. ఎడమ చెంప మీద గడ్డం అలాగే ఉండిపోయిందని ఇందాక మెట్ల దగ్గర చూశాను, చెప్పలేదు. పక్షవాతంలో దెబ్బ తిన్నది మెదడు కుడివైపు కాబట్టి లోకంలో ఎడమవైపు ఉన్నవన్నీ ఆయనకి కొంచెం కొంచెం జారిపోతున్నాయట, అందుకే ఆ అమ్మాయి జవాబులు రాసిన అట్టముక్కల్ని పక్కపక్కన పేర్చకుండా ఒకదాని కింద ఒకటి, ఆయన కుడిచేతి వైపుకి జరిపి పెడుతోంది. మంచి పద్ధతి. నేనూ పరీక్షలు పెట్టేదాన్నే. కళ్లద్దాల దుకాణంలో పంతొమ్మిదేళ్లుగా, ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా, అని అద్దం తిప్పి తిప్పి అడుగుతుంటాను, అడిగిన ప్రతిసారీ ఎదుటివాళ్లు అద్దంలోకి చూడరు, నా మొహంలోకి చూస్తారు, నాకేది ఇష్టమో కనిపెట్టి అదే చెబుదామని. అందుకే నేను మొహాన్ని గోడలా పెట్టుకోవడం నేర్చుకున్నాను. అన్నయ్య అంతకు చాలా ముందే నేర్చుకున్నాడు, వేరే పనికి.

"ఒకాయన దుకాణానికెళ్లి అడిగాడు సార్, ఏవండీ, ఈ గోడగడియారం నడుస్తుందా, అని. దుకాణదారు ఏమన్నాడో ఈ మూడింట్లో ఒకటి తియ్యండి. నవ్వొచ్చేది తియ్యాలి. మొదటిది: నడిచి ఎటైనా పోతుందనే కదండీ, గోడకి మేకేసి తగిలించాం. రెండోది: నడుస్తుందండీ, ఏడాది గ్యారంటీ. మూడోది: మా ఆవిడకి ఈత రాదు."

అన్నయ్య వేలు మధ్య అట్ట మీద వాలింది. నడుస్తుందండీ, ఏడాది గ్యారంటీ. థెరపిస్ట్ కాగితం మీద ఒక గీత గీసుకుంది, నేను లోపల ఉబ్బితబ్బిబ్బైపోయాను, గీసుకో తల్లీ, నీకేం తెలుసు, అది తప్పు కాదు, అదే మా అన్నయ్య. పాతికేళ్లుగా లిఫ్టుల కంపెనీలో అందరూ ఆయన్ని తుస్సు అని పిలిచేది ఇందుకే. పేలుతుందని చెవులు మూసుకుంటే తుస్సుమనే టపాకాయలాంటివి ఆయన జోకులు. ఇద్దరు స్నేహితులు లిఫ్టులో ఇరుక్కుపోయారు, ఒకడు ఏడుస్తూ, ఒరేయ్, మనం ఇక్కడే పోతామా, అన్నాడు, రెండోవాడు, లేదు, మెకానిక్ వస్తున్నాడు, అన్నాడు. ఎదుటివాళ్లు నోరు సగం తెరిచి, ఆ, తర్వాత, అంటారు. మెకానిక్ వచ్చాడు, అంటాడు అన్నయ్య, సంచీలోంచి స్పానర్ తీసుకుంటూ.

ఆయనకిది ఎప్పుడు పట్టుకుందో నాకు గుర్తే, బడి వార్షికోత్సవంలో, ఆయన తొమ్మిది, నేను ఆరు. జోకుల పోటీ. అన్నయ్యకి ముందు ఎనిమిది మంది వచ్చి అరిచి గంతులేసి వెళ్లారు. ఈయన వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒక పెద్దమనిషి కొత్త బట్టలు వేసుకుని, కొత్త బూట్లు వేసుకుని, ఈల వేసుకుంటూ పోతున్నాడు, అని మొదలుపెట్టి, దారిలో అరటితొక్క ఉంది, అన్నాడు, అక్కడ ఆగాడు, హాలంతా అప్పటికే ఆ పెద్దమనిషిని పడేసింది, ముందువరస పిల్లల పెదాలు సాగిపోయాయి కూడా. ఆ పెద్దమనిషి దాన్ని చూశాడు, తీసి చెత్తబుట్టలో వేశాడు, పనికి వెళ్లిపోయాడు. అంతే, అన్నయ్య నమస్కారం పెట్టి దిగిపోయాడు. ముందువరస పెదాలు సాగినవి సాగినట్టే ఉండిపోయాయి. తర్వాత వెనక ఎక్కడో లెక్కల మాస్టారు ఒక్కరే గుర్రంలా సకిలించారు, ఆయన వెనక మొత్తం హాలు. ఇంటికొస్తూ అడిగాను, అందులో నవ్వొచ్చేది ఏముంది అన్నయ్యా, అని. "నేను చెప్పిందాంట్లో ఏమీ లేదే. వాళ్లు ముందే ఆయన్ని పడేశారు కదా, ఆయన పడలేదు. వాళ్ల తొందర వాళ్లకే కనబడి నవ్వొచ్చింది." ఆ మరుసటేడు ఈ పిచ్చివాడు అలాంటిదే ఇంకోటి చెబుతాడని అందరూ సిద్ధంగా కూర్చున్నారు, ఆయన నోరు తెరవకముందే నవ్వడం మొదలెట్టారు, ఆయన అదే కథ చెప్పి ఈసారి ఆ పెద్దమనిషిని నిజంగా జారవిడిచాడు, వెల్లకిలా, బూట్లు గాల్లోకి. హాలు అదిరిపోయింది. తుస్సుమంటుందని కాచుక్కూర్చున్నవాడి దగ్గర పేల్చాలి, పేలుతుందని కాచుక్కూర్చున్నవాడి దగ్గర తుస్సుమనాలి, ఎదుటివాడి మనసు ఎటు వంగి ఉందో తెలియకపోతే ఈ పని చెయ్యలేవు, అన్నాడు. పదేళ్లు నిండినవాడు అన్న మాటలివి, నాకు అప్పుడేమీ అర్థం కాలేదు.

రెండో ప్రశ్న కూడా మధ్య అట్టే. మూడోది, ఆశ్చర్యం, నవ్వొచ్చే అట్టే తీశాడు, థెరపిస్ట్ భుజాలు కొంచెం దిగాయి. కిటికీ బయట కార్లు నిలిపే చోట ఒకాయన రెండు గీతల మధ్య కారు పెట్టాలని ముందుకీ వెనక్కీ తిప్పుతున్నాడు. అన్నయ్యకి కావల్సింది ఒక్క కాగితం, పనికి పనికొస్తాడని. కాలూ చెయ్యీ దాదాపు వచ్చేశాయి, మెట్లెక్కుతున్నాడు, బోల్టులు బిగిస్తున్నాడు, గుండె డాక్టరు సరే అన్నాడు, నరాల డాక్టరు సరే అన్నాడు, ఇక ఈ అమ్మాయి సంతకం ఒక్కటే. లిఫ్టు లేని బతుకు ఆయనకి బతుకు కాదు. ఒకసారి నేను కళ్లారా చూశాను, పన్నెండంతస్తుల ఆఫీసు, మధ్యాహ్నం, ఐదో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ నడుమ లిఫ్టు ఆగిపోయింది, లోపల ముగ్గురు, ఒకావిడ తలుపు బాదుతూ ఊపిరాడటంలేదని అరుస్తోంది. జోడీ మెకానిక్ పైన మిషన్ గదిలోకి పరిగెత్తాడు, మెయిన్ స్విచ్చి కట్టేసి, బ్రేకు వదిలి, చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ అంగుళం అంగుళం దింపాలి, తొందరపడితే అసలుకే మోసం. అన్నయ్య ఐదో అంతస్తు తలుపు సందుకి నోరానించి, అమ్మా, తలుపు నుంచి ఒకడుగు వెనక్కి జరగండి, గాలికేం లోటు లేదు, పైకీ కిందా కన్నాలున్నాయి, ఈలోపు ఒక కథ చెప్తాను, అన్నాడు. ఒకాయన ఎర్ర గొడుగు కొన్నాడు. పక్కింటావిడ అడిగింది, ఎర్రదే ఎందుకు కొన్నారు, అని. రేపు చెప్తానన్నాడు. మర్నాడు పాలాయన అడిగాడు. బస్సు కండక్టరు అడిగాడు. ఆఫీసులో అధికారి అడిగాడు, నీ గొడుగు సంగతి తేల్చకపోతే ఉద్యోగం తీసేస్తానన్నాడు, తీసేశాడు కూడా. ఇలా ఇరవై నిమిషాలు, జడ్జిగారి దాకా పోయింది గొడుగు. లోపలినుంచి అరుపులు ఆగి, ఆ తర్వాత ఊకొట్టడం మొదలై, ఆ తర్వాత మూడో మనిషి, ప్రేమించినావిడకి ఎరుపంటే ఇష్టమై ఉంటుంది, అని పందెం కట్టే దాకా వచ్చింది. జడ్జిగారు సుత్తితో బల్ల కొట్టి, ఇప్పుడైనా చెప్పు, ఎందుకు కొన్నావు, అన్నారు. అప్పుడే లిఫ్టు నేలకి సమంగా వచ్చి ఆగింది, అన్నయ్య తాళంతో తలుపు తెరిచి, వానొస్తుందేమోనని అండీ, అన్నాడు. ఆవిడ బయటికొచ్చి ఏడవడం మర్చిపోయి ఆయన మీద విరుచుకుపడింది, ఇదేం కథ, ఇదేం ముగింపు, మరి ఎర్రదే ఎందుకు! తర్వాత నేనడిగితే, మనసు ముగింపు కోసం ముందుకి వంగి ఉన్నంతసేపూ కాళ్లకింద గొయ్యి కనిపించదే లెన్సూ, అన్నాడు. ఆయన నన్నలాగే పిలుస్తాడు, లెన్సు అని.

అంత చెప్పినప్పుడు కూడా ఆయన నవ్వలేదు. అది ఆయన నియమం. తన తుస్సుకి తాను నవ్వినవాడు దుకాణం మూసేసుకోవాలట. చెప్పేవాడి మొహంలో ఇది జోకు అని రాసి ఉంటే వినేవాడికి ఎదురుచూడాల్సిన పని ఉండదు. గొంతు కూడా అంతే, సరుకుల చీటీ చదివినట్టు. ఇప్పుడదే చిక్కొచ్చి పడింది. జబ్బు చేశాక గొంతులో ఎత్తుపల్లాలు పోతాయని, మాట చదునైపోతుందని డాక్టర్లు చెప్పారు, పోయాయో లేదో ఎవరు చెప్పగలరు, ఆయన గొంతు చిన్నప్పటినుంచీ చదునుగానే ఉంది. చూడటానికి వచ్చిన కంపెనీవాళ్లు, తుస్సు ఏం మారలేదు, నిక్షేపంలా ఉన్నాడు, అని వీపు తట్టి వెళ్లారు. వదిన మాత్రం ఫోన్‌లో వేరేలా అంది, "మీ అన్నయ్య ఇప్పుడు జోకేస్తున్నారో లేదో నాకు తెలియట్లేదు. ముప్పై ఏళ్లు కాపురం చేశాను, నాకు తెలియట్లేదు." పోయినవారం సంగతి. వంటింట్లో కుళాయి సరిగ్గా కట్టకుండా వదిలేశాడట, నీళ్లు నేల మీదికొచ్చాయి, వదిన కోపంగా, ఇంకో రెండు బిందెలు పొయ్యండి, ఇల్లంతా చెరువు చేద్దాం, అంది. ఆయన రెండు బిందెలు నింపి పోశాడు. పక్కింటివాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు, వదినా నవ్వింది, నేనూ ఫోన్‌లో పడీపడీ నవ్వాను. నేల తుడుస్తుంటే ఆయన ఆ నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాడని వదిన చివర్లో అంది, ఆ మాట నేను సగమే విన్నాను, ఇంకా నవ్వుతున్నాను కాబట్టి.

"ఐదోది సార్. పక్కింటాయన వచ్చి నిచ్చెన అడిగాడు. ఇంటాయన అన్నాడు, మా మావగారు అటక మీదున్నారు, ఆయన దిగాక ఇస్తాను. అలాగా, ఎప్పుడెక్కారండీ, అన్నాడు పక్కింటాయన. ఇంటాయన ఏమన్నాడు? ఒకటి: ఇప్పుడే, పది నిమిషాలైంది. రెండు: టమాటాలు ఎర్రగా ఉంటాయి. మూడు: పోయినేడు ఎక్కారండీ, అప్పట్నుంచీ ఇల్లు ప్రశాంతంగా ఉంది."

పది నిమిషాలైంది, అదే తీస్తాడు, నా లోపల నేను పందెం కట్టుకున్నాను, మావగారిని పది నిమిషాల్లో దింపేసి నిచ్చెన ఇచ్చేస్తాడు, చక్కగా, అందులోనే ఉంది మజా. వేలు రెండో అట్ట మీద ఆగింది. టమాటాలు. సరే, ఆ రకమూ ఆయన దగ్గరుంది, అసంబద్ధం, చీమ ఏనుగుని ఎందుకు పెళ్లి చేసుకోలేదు అంటే చీమకి అప్పటికే పెళ్లైంది అన్నట్టు, అనుకోబోతున్నాను, అన్నయ్య నవ్వాడు. ముక్కుతో చిన్నగా, హు, అని. తన తుస్సుకి ఆయన ఎప్పుడూ నవ్వలేదు. చీమకి పెళ్లైంది అన్నప్పుడు అక్కడొక లోకం ఉంది, చీమలకి సంబంధాలు చూస్తారు, ఏనుగుకి ఆశ ఉంటుంది, చీమ ఒక్కటే పతివ్రత, ఒక్క అబద్ధం ఒప్పుకుంటే మిగతా మెట్లన్నీ కొలిచి కట్టినట్టు వస్తాయి. మామూలు తుస్సుకైతే మెట్లు నిజానివే, ఎక్కాక పైన ఏమీ ఉండదు, అంతే తేడా. ఈ టమాటాలకి ఏ మెట్లూ లేవు, మావగారి దగ్గర్నుంచి టమాటాల దాకా కాలు పెట్టే చోటు లేదు. ఉలిక్కిపాటు ఒకటే ఉంది. ఉలిక్కిపడగానే ఆయనకి నవ్వొచ్చింది, నవ్వొచ్చింది కాబట్టి ఇదే జోకు అనుకున్నాడు, నిజంగా అనుకున్నాడు. ఆరోదీ అలాగే, ఏడోదీ అలాగే, ఏడోదానికి వేలు పెట్టాక ఆయన తల తిప్పి నా మొహంలోకి చూశాడు. ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా. దుకాణంలో వేలమంది చూసిన చూపు. అద్దం కనిపించనివాడి చూపు.

పదో ప్రశ్న అయ్యాక థెరపిస్ట్ ఆయనకి మంచినీళ్లిచ్చి నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "మేడమ్, వీళ్ల కంపెనీ వాళ్లు ఆయన మనిషే అంత అని రాసి పంపారు. జబ్బుకి ముందు కూడా ఇలాగే చెప్పేవారా? అలాగైతే ఈ పరీక్ష మార్కులు నేను లెక్కలోకి తీసుకోను." అవునండీ, ముందునుంచీ ఇంతే, అంటే చాలు. ఆ మాట నాలుక చివర ఉంది, అబద్ధం కూడా కాదు, సగానికి సగం నిజం. సోమవారం ఆయన సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోతాడు. లిఫ్టు కింది గొయ్యిలోకి దిగుతాడు, పైనుంచి జోడీ మెకానిక్ వెటకారంగా, ఆహా, స్విచ్చి భలే కట్టావయ్యా, అంటాడు, కట్టలేదు చూసుకో అని అతని భావం, అన్నయ్య కట్టేశాననుకుంటాడు. రెండు బిందెలు. అక్కడ మీదికొచ్చేది నీళ్లు కాదు, లిఫ్టు.

"సగం అవును, సగం కాదండీ," అన్నాను. "మీరొకటి అడిగి చూడండి. మీకేది నవ్వొస్తుంది అని కాదు, వేరేవాళ్లు ఏ అట్టకి నవ్వుతారు, అని అడగండి. మా అన్నయ్యకి అది తెలియకుండా జోకు చెప్పడం రాదు. ఎదుటివాడు ఎక్కడ నవ్వాలనుకుంటున్నాడో తెలిస్తేనే కదా, అక్కడ నవ్వనివ్వకుండా ఆపగలడు." ఆ అమ్మాయి నన్ను ఒక్క క్షణం కళ్లు చికిలించి చూసింది, తన దగ్గరున్న కాగితాల్లో ఈ ప్రశ్న ఉందో లేదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు. తర్వాత వెళ్లి నిచ్చెన అట్టలు మళ్లీ పేర్చింది, ఒకదాని కింద ఒకటి.

"సార్, మీ సంగతి వదిలేద్దాం. వీధిలో పోయే పదిమందిని పిలిచి ఇవి చదివామనుకోండి. వాళ్లు దేనికి నవ్వుతారు?"

అన్నయ్య చూశాడు. మొదటి అట్ట, రెండోది, మూడోది, మళ్లీ మొదటిది. నుదుటి మీద చెమట పట్టింది. ఇంత సేపు ఆయన ఏ ప్రశ్నకీ తీసుకోలేదు, ఆయన బుర్ర పనిచేయడం నాకు కనిపిస్తోంది, వైర్ల గుత్తిలో ఏది ఎక్కడికి పోతుందో వేళ్లతో తడుముకుంటున్నప్పటి మొహం. బయట ఆ కారాయన విసిగి ఇంకోచోటికి పోయినట్టున్నాడు, ఆ గీతల మధ్య ఖాళీగా ఉంది. నోటిదాకా వచ్చింది, మూడోది అన్నయ్యా, మావగారు ఇంట్లో లేకపోతే ప్రశాంతత, అది నీకు తెలుసు, మీ మావగారి మీద నువ్వే చెప్పావు ఇలాంటివి వంద. పెదాలు బిగించుకున్నాను.

"మూడూ ఒకేలా ఉన్నాయమ్మా," అన్నాడు చివరికి. గొంతు అదే చదును. "మధ్యది కొంచెం ఉలికిస్తుంది. అంతకుమించి తెలియట్లేదు."

"ఎప్పటినుంచి సార్?"

"ఆస్పత్రి నుంచి వచ్చినప్పటినుంచి. నేనేదో అంటాను, అందరూ నవ్వుతారు. ఎందుకు నవ్వారో తెలియదు. జోకే వేశాను కాబోలు అనుకుంటాను." నీళ్ల గ్లాసు బల్ల మీద తిప్పాడు. "మొదట్లో ఇదీ బాగానే ఉంది, ఎవరికీ తెలియలేదు, తుస్సు అన్న పేరుంది కదా, దాని వెనక కూర్చున్నాను. కానీ నీళ్లు పోసిన రోజున మా ఆవిడ నవ్వుతోంది, కళ్లు మాత్రం నవ్వట్లేదు. రెండూ ఎలా కుదురుతాయా అని అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను." నా వైపు తిరిగాడు. "నీకు తెలిసిపోయిందా లెన్సూ?"

"ఇందాకే," అన్నాను. "నువ్వు నవ్వావు."

"నవ్వానా?" అన్నాడు, చాలా ఆసక్తిగా, పక్కవాడి గురించి విన్నట్టు.

ఏడుస్తాననుకున్నాను, ఏడుపు రాలేదు. దానికి బదులు ఒక విచిత్రమైన కుతూహలం పట్టుకుంది, ఆయన గొంతులోది నాకంటుకున్నట్టు. ఇన్నాళ్లూ మా అన్నయ్య అంటే తుస్సే అనుకున్నాను. తుస్సు పోయాక కూడా ఎవరో అక్కడ కూర్చుని ఉన్నారు, రెండూ ఎలా కుదురుతాయా అని అడుగుతున్నారు, మూత విప్పి చూడందే నిద్రపట్టని మనిషి, ఆయన ముందు, జోకులు తర్వాత. థెరపిస్ట్ ఇప్పుడే సంతకం పెట్టలేనని చెప్పింది, మూణ్ణెల్లు వారానికి రెండుసార్లు వస్తే మాట వెనక మాటని పట్టుకోవడం సాధన చేయిస్తానంది, మనుషుల మొహాలూ గొంతులూ జోకులూ అన్నీ ఉంటాయట, కొంత తిరిగొస్తుంది, ఎంతని ఇప్పుడే చెప్పలేనంది. ఈలోగా గొయ్యిలోకి దిగకూడదు, కంపెనీవాళ్లు ఒప్పుకుంటే బల్ల దగ్గర విడిభాగాలు బాగుచేసుకోవచ్చు. అన్నయ్య విన్నాడు. బేరమాడలేదు. చేరడానికి ఫారం ఇవ్వమన్నాడు.

ఫారంలో పేరు, వయసు, పని రాశాడు, కాగితం ఎడమ అంచు వదిలేసి మధ్యనుంచి మొదలుపెట్టాడు, థెరపిస్ట్ వేలితో అంచు చూపించింది, జరిగి రాశాడు. చివరి గడి, తరగతుల్లో చేరడానికి కారణం. చాలామంది అక్కడ డాక్టరు చెప్పారు అని రాస్తారట. అన్నయ్య గుండ్రటి అక్షరాలతో రాసి అటు తిప్పాడు. ఆ అమ్మాయి పైకే చదివింది. "మా ఆవిడ నిజంగా నవ్వినప్పుడు తెలుసుకోవాలని. నిజంగా తిట్టినప్పుడు కూడా." చదివి పకపకా నవ్వేసింది, గంటనుంచి గోడలా పెట్టుకున్న మొహం ఒక్కసారిగా చిన్నపిల్ల మొహమైపోయింది, సారీ సార్, సారీ, అని నోరు మూసుకుంది. నాకూ నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లు కూడా అప్పుడే వచ్చాయి, ఏది ముందొచ్చిందో చెప్పలేను.

అన్నయ్య నవ్వలేదు. ఆ అమ్మాయిని చూశాడు, నన్ను చూశాడు, ఫారం తనవైపు తిప్పుకుని తాను రాసింది మళ్లీ మొదటినుంచి చదువుకున్నాడు, మాట మాటకీ వేలు పెట్టి. తర్వాత కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"ఇందులో ఎక్కడ నవ్వారు?" అన్నాడు. "ఏ మాట దగ్గర? చూపించండి."

థెరపిస్ట్ గడియారం వంక చూసింది, పదకొండున్నర దాటింది, బయట ఇంకొకరు కాచుకుని ఉన్నారు. ఆమె కళ్లు తుడుచుకుని, పెన్సిల్ తీసుకుని, తిట్టినప్పుడు అన్న మాట కింద గీత గీసింది.